పంది రూపాయి అసలుదేనా? అంచు ఫొటో అడగండి

పాత నాణేల బేరాలు ఇప్పుడు సంతలో కంటే ఫోన్‌లోనే ఎక్కువ నడుస్తున్నాయి. వాట్సాప్‌కి రెండు ఫొటోలు వస్తాయి. ఒకదాంట్లో రాజుగారి బొమ్మ, రెండోదాంట్లో వెనకవైపు. కింద ధర, ఆ కిందే “ఇంకొకాయన కూడా అడుగుతున్నాడండీ, సాయంత్రంలోగా చెప్పండి” అని ఒక వాక్యం. కొనేవాడు ఆ రెండు ఫొటోలనే పెద్దవి చేసి, తిప్పి తిప్పి చూసి నిర్ణయానికి వచ్చేస్తాడు. చిక్కంతా అక్కడే ఉంది. నాణేన్ని మూసలో పోసి నకలు తీసేవాడికి బాగా కుదిరేవి ఆ రెండు ముఖాలే. అతడికి కుదరనివి మూడున్నాయి: అంచు, లోహపు ఒంటి నునుపు, తూకం. ఈ మూడింటినీ ఫొటోల్లోనే చాలావరకు పట్టుకోవచ్చు. అందుకు ఏ ఫొటో అడగాలో, వచ్చిన ఫొటోలో ఎక్కడ చూడాలో తెలిసుండాలి.

నాణేలన్నిటికీ ఒకే కొలబద్ద పనికిరాదు కాబట్టి ఒక్క నాణేన్ని పట్టుకుందాం. 1911లో అచ్చయిన అయిదో జార్జి వెండి రూపాయి. సేకరించేవాళ్లు దీన్ని ‘పంది రూపాయి’ అంటారు. రాజుగారి అంగీ మీద ఒక బిరుదు హారం, దానికి ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంటాయి. ఆ ఏనుగుకి తొండం పొట్టిగా, కాళ్లు మందంగా పడటంతో చూసినవాళ్లకు అది పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పడంతో గొడవ మొదలైంది. ప్రభుత్వం ఆ రూపాయిల విడుదల ఆపేసింది, ఖజానాల్లో ఉన్నవాటిని కరిగించింది. 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేలా బొమ్మ మార్చింది. కలకత్తా, బొంబాయి టంకశాలల్లో కలిపి 94 లక్షల దాకా కొట్టినా జనం చేతికి వెళ్లినవి సుమారు 7 లక్షలేనని చెబుతారు. అందుకే మామూలు అయిదో జార్జి రూపాయికి వెండి ధర మీద కాస్త ఎక్కువ పలికితే దీనికి అంతకంటే బాగా ఎక్కువ పలుకుతుంది. ఎక్కువ ధర పలికే చోటికి నకిలీలు వెతుక్కుంటూ వస్తాయి.

అసలు రూపాయి ఎలా తయారైందో ఒకసారి చూద్దాం. వెండి రేకులోంచి కోసిన గుండ్రటి బిళ్లను గాట్లున్న ఉక్కు కడియంలో పెట్టి, పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి, రెండు ఉక్కు ముద్రలతో ఒక్క దెబ్బ కొడతారు. ఆ ఒత్తిడికి వెండి కదిలి పక్కలకు పాకి కడియం గాట్లలోకి దూరుతుంది. రెండు ముఖాలూ అంచూ ఒకే క్షణంలో పుడతాయి. వెండి అలా పాకిన జాడ ముఖం మీద సన్నటి గీతలుగా మిగులుతుంది. కొత్త నాణేన్ని వెలుగులో తిప్పితే మధ్యనుంచి అంచుదాకా ఒక మెరుపు చారలా తిరుగుతూ కనిపించడానికి కారణం అదే.

పోత నాణెం కథ వేరు. ఒక అసలు నాణేన్ని మెత్తటి మట్టిలోనో, ప్లాస్టర్‌లోనో, రబ్బరు మూసలోనో అదుముతారు. పై సగం, కింద సగం విడివిడిగా తయారవుతాయి. అసలుదాన్ని తీసేసి రెండు సగాలనూ కలిపి, పక్కన వదిలిన చిన్న దారిగుండా కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మూస విప్పి, ఆ దారిలో గడ్డకట్టిన తోకను కోసి, మిగిలిన మొండిని ఆకురాయితో అరగదీస్తారు. దెబ్బ లేదు, ఒత్తిడి లేదు. లోహం తనంతట తాను వెళ్లి మూసను నింపాలి. చూడవలసిన లోపాలన్నీ ఈ పనితీరులోనే పుడతాయి.

ముందు అంచు

మూసలో రెండు సగాలు కలిసేది నాణెం అంచు మీద. అంతకంటే మంచిచోటు మూస పోసేవాడికి దొరకదు. ఆ కలిసిన చోట లోహం సన్నగా బయటికి ఉబికి, అంచు చుట్టూ ఒక అతుకు గీత ఏర్పడుతుంది. తోక కోసిన మచ్చ కూడా అంచు మీదే ఎక్కడో ఒకచోట ఉంటుంది. వాటిని చెరిపేయాలంటే ఆకురాయి పట్టాలి. ఆకురాయి పడితే అక్కడున్న నిలువు గాట్లు కూడా పోతాయి. పోయిన గాట్లను మళ్లీ చేత్తో కోయాలి. చేతి గాటుకీ యంత్రపు గాటుకీ తేడా కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

అసలు రూపాయి అంచు ఫొటోలో నిలువు గాట్లు ఈ చివరనుంచి ఆ చివరదాకా తిన్నగా సాగుతాయి. గాటుకీ గాటుకీ మధ్య ఎడం సమానంగా ఉంటుంది, లోతూ ఒకేలా ఉంటుంది. అరిగిన నాణెంలో గాట్ల తలలు గుండ్రంగా అయిపోవచ్చు. వాటి వరుస మాత్రం చెదరదు. పోతదాంట్లో ఆ గాట్లు మెత్తబడి, కొన్నిచోట్ల పూడుకుపోయి, మధ్యలో అతుకు దగ్గర కాస్త పక్కకు జరిగి కనిపిస్తాయి. పై సగంలోని గాటు కింది సగంలోని గాటుతో కలవదు, ఒక వెంట్రుకవాసి తేడాతో తప్పిపోతుంది. మూస సగాలు కలిసే వేళ రవ్వంత జరిగినా ఈ తప్పు తప్పదు. ఆకురాయి పట్టిన చోట సన్నటి గీతలు ఏటవాలుగా పడి ఉంటాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. అంచు మీద కనిపించిన గీతలన్నీ అతుకులు కావు. ముద్ర కొట్టేటప్పుడు వెండి ముద్రకూ కడియానికీ మధ్య సందులోకి దూరి, ముఖమూ అంచూ కలిసే మూలన సన్నటి గోడలా లేస్తుంది. అది అసలు నాణేల్లోనూ ఉంటుంది. ఆ గీత మూలన ఉంటే భయం లేదు. అంచు నడుమన, లేదా నడుమకు దగ్గరగా, చుట్టూ సాగుతూ ఉంటే అనుమానించాలి.

అంచు బలం బ్రిటిష్ ప్రభుత్వానికీ తెలుసు. 1940లో రూపాయిలోని వెండిని నూటికి 91.7 పాళ్లనుంచి 50 పాళ్లకు తగ్గించినప్పుడు దొంగనాణేలకు అడ్డుకట్టగా అంచునే మార్చారు. గాట్ల నడుమ ఒక కాలువ తీసి, అందులో చిన్న చిన్న నగిషీలు పెట్టారు. లోపలికి దిగిన కాలువను మామూలు రెండు సగాల మూసలో శుభ్రంగా రాబట్టడం చాలా కష్టం. ఇంట్లో ఆరో జార్జి రూపాయి ఏదైనా ఉంటే దాన్ని పక్కకు తిప్పి చూడండి.

అమ్మేవాళ్లను అంచు ఫొటో అడిగితే చాలామంది నాణేన్ని రెండు వేళ్లమధ్య పట్టుకుని ఒక్క ఫొటో తీసి పంపిస్తారు. అందులో అంచు పాతిక భాగం కూడా పడదు. తోక మచ్చ ఉన్నచోట వేలు పెట్టి తీయడం కష్టమేమీ కాదు. అందుకని నాణేన్ని బల్లమీద నిలబెట్టి, పావు పావు తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయమనాలి. ఫోన్‌ని నాణెం ఎత్తుకే దించి తీయాలి. వీలైతే మామూలు 1917 రూపాయో 1918 రూపాయో ఒకటి పక్కన పెట్టి తీయమనండి. పాత నాణేలు అమ్మేవాడి దగ్గర అలాంటివి దొరకకపోవడం అరుదు. ఒకే వెలుగులో రెండు అంచులు పక్కపక్కన ఉంటే ఇంత వివరణ అక్కర్లేకుండానే కన్ను తేడా పట్టేస్తుంది.

తర్వాత బెజ్జాలు

కరిగిన వెండి గాలిలోని ఆక్సిజన్‌ని పెద్దయెత్తున పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని కక్కేస్తుంది. బయటికి పోలేక చిక్కుకున్న వాయువు లోహంలో బుడగలుగా మిగిలిపోతుంది. ఒంటి దగ్గరున్న బుడగలు పగిలి సూదిమొన బెజ్జాలుగా తేలతాయి. ఇడ్లీ విరిస్తే కనిపించే గూళ్లు గుర్తు చేసుకోండి. ఇవి వాటికన్నా ఎన్నో రెట్లు చిన్నవి, అంతే. రెండో రకం లోపం దీనికి తలకిందులు. ప్లాస్టర్ పోసేటప్పుడు అసలు నాణేనికి అంటుకుని గాలిబుడగ ఉండిపోతే మూసలో అక్కడ గుంట పడుతుంది, పోసిన నాణెం మీద అదే బొడిపెగా లేస్తుంది. ఇలాంటి బొడిపెలు అక్షరాల మూలల్లో, కిరీటం సందుల్లో చేరతాయి. గాలి చిక్కుకునేది అలాంటి ఇరుకుల్లోనే కదా.

నకిలీ చేసేవాడికీ ఈ సంగతి తెలుసు. రాజు ముఖం ముందున్న ఖాళీ జాగాను మెరుగుపెట్టి బెజ్జాలను పూడుస్తాడు. కానీ `GEORGE` అక్షరాల మధ్య సందులోకి, `ONE RUPEE` చుట్టూ ఉన్న ఆకుల నడుమకి అతడి సాధనం వెళ్లదు. కాబట్టి ఫొటోని పెద్దది చేసి చూడవలసింది ఆ ఇరుకుల్లోనే. అక్షరం నేలకు ఆనే చోట గీత తెగినట్టు ఉందా, మైనం కరిగి జారినట్టు ఉందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. ముద్ర కొట్టిన అక్షరం ఎంత అరిగినా దాని పాదం దగ్గర గీత గట్టిగా ఉంటుంది. అరుగుదల ముందు పైభాగాన్ని తింటుంది. పోతలో పైభాగమూ పాదమూ ఒకేలా మెత్తబడతాయి.

ఇప్పుడు ఫొటోతో వచ్చే అసలు ఇబ్బంది. తెరమీద కనిపించే ఒక నల్లచుక్క బెజ్జమా, బొడిపెనా, మరకా, లేక ఫోన్ సృష్టించిన మాయా? ఇందుకొక మంచి ఉపాయం ఉంది. అక్షరాలు పైకి లేచి ఉంటాయని మనకు ముందే తెలుసు. కాబట్టి అక్షరం ఏ పక్క మెరుస్తోందో చూస్తే దీపం ఏ పక్కన ఉందో తెలిసిపోతుంది. చుక్క కూడా అదే పక్క మెరిసి రెండో పక్క నీడ వేస్తుంటే అది బొడిపె. దీపం వైపు నీడ, అవతలి వైపు మెరుపు ఉంటే అది గుంట. ఏ పక్కా మెరవకపోతే మరక. దీపం జాగా మార్చి ఇంకో ఫొటో తీయమంటే నిజమైన గుంటలో నీడ దీపంతోపాటు జరుగుతుంది, మరక కదలదు, ఫోన్ చేసిన మచ్చ మాయమైపోతుంది లేదా వేరేచోట తేలుతుంది. దీపం ఎప్పుడూ పక్కనుంచి, కిందిగా ఉండాలి. ఫ్లాష్‌తో తీస్తే నీడలన్నీ చచ్చిపోయి పోత నాణెం కూడా నున్నగా కనిపిస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగిపోయి వస్తుంది. సన్నటి బెజ్జాలు అందులో కరిగిపోతాయి. అక్షరాల చుట్టూ లేని గరుకుదనం కూడా పుట్టుకొస్తుంది. ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. అలా వచ్చిన ఫైలు కొన్ని ఎంబీలు ఉంటుంది. వంద కేబీ ఫొటో చూసి బెజ్జాల మీద తీర్పు చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను.

బెజ్జం కనిపించగానే నకిలీ అని అరవడమూ తప్పే. ఏళ్లతరబడి మట్టిలో ఉన్న వెండి ఉప్పు తిని గుంటలు పడుతుంది. ఆ గుంటల అంచులు వంకరటింకరగా ఉంటాయి, గుంపులు గుంపులుగా పడతాయి, అడుగున నల్లటి పెచ్చు ఉంటుంది. పోత బెజ్జాలు గుండ్రంగా, శుభ్రంగా, నాణెమంతా చల్లినట్టు ఉంటాయి. బొడిపెల విషయంలోనూ అంతే. టంకశాలలో ఉక్కు ముద్ర తుప్పుపట్టి గుంటలు పడితే ఆ గుంటలు అసలు నాణెం మీద బొడిపెలుగా దిగుతాయి. అందుకే ఒంటిమీది లోపం ఒక్కటే తీర్పు ఇవ్వలేదు. దానికి అంచో తూకమో తోడు పలకాలి.

కొలత, తూకం: రెండూ కలిపి చదవాలి

ఈ రూపాయి ప్రమాణ బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. మన పెద్దవాళ్లు ‘రూపాయి ఎత్తు’ అని వస్తువులు తూచింది ఈ బరువుతోనే. ఇప్పటి నగల దుకాణంలో తులమంటే 10 గ్రాములే కాబట్టి ఆ లెక్కతో తికమకపడకూడదు. వ్యాసం 30.5 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ.

పోత నాణెం ఈ కొలతల దగ్గర రెండు దెబ్బలు తింటుంది. కరిగిన లోహం గడ్డకట్టి చల్లారుతూ ముడుచుకుంటుంది. వెండి, రాగి మిశ్రమాల్లో అది నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు ఉంటుంది. అడ్డంగా రెండు పాళ్లు తగ్గితే నిలువునా, మందంలోనూ అంతే తగ్గుతుంది కాబట్టి మొత్తం పరిమాణం ఆరు పాళ్లు పడిపోతుంది. అంటే అసలు నాణెంలో ఉన్న వెండినే కరిగించి పోసినా బరువు 11 గ్రాముల దగ్గరే ఆగుతుంది, బెజ్జాలుంటే ఇంకాస్త తక్కువ. రెండో దెబ్బ లోహానిది. రూపాయి వెండి ఒక ఘన సెంటీమీటరు 10.3 గ్రాములు తూగితే, ఇత్తడి 8.5, జర్మన్ సిల్వర్ 8.7 దగ్గర తూగుతాయి. పైకి వెండి పూత పూయవచ్చు కానీ పూతతో బరువు రాదు. బరువు రావాలంటే నాణేన్ని మందం చేయాలి. జర్మన్ సిల్వర్‌తో 11.66 గ్రాములు తెప్పించాలంటే మందం ఆరోవంతుకు పైగా పెరగాలి. అప్పుడు తూకం ఫొటో సరిపోతుంది, అంచు ఫొటోలో పక్కనున్న 1918 రూపాయి సన్నగా, ఇది లావుగా దొరికిపోతుంది. ఒక చోట దాచిన తేడా ఇంకో చోట బయటపడుతుంది. అందుకే ఈ ఫొటోలన్నీ ఒకేసారి కావాలి.

ఒక బేరాన్ని ఊహించుకుని లెక్క కడదాం. 1911 రూపాయి, “కొంచెం అరిగింది సార్, అంతే” అంటాడు అమ్మే ఆయన. తూకం ఫొటోలో 9.4 గ్రాములు కనిపిస్తోంది. కిరీటం మీది రాళ్లు, అంగీ నగిషీ ఓ మోస్తరుగా ఉన్నాయి.

మొదట తూకాన్నే అనుమానించాలి. వంటింటి తూనిక అయితే ఒక గ్రాము అటూ ఇటూ పోతుంది. అందుకని అదే తూనిక మీద ఇప్పటి పది రూపాయల నాణెం పెట్టి ఫొటో పంపమనాలి. దాని బరువు సుమారు 7.7 గ్రాములు. తెర మీద 7.7 చూపిస్తే ఆ తూనికను నమ్మవచ్చు. మన బేరంలో 7.72 వచ్చింది అనుకుందాం. అంటే 9.4 నిజమే.

ఇక అరుగుదల. చేతులు మారి మారి అరిగిన రూపాయి బరువు కోల్పోతుంది, నిజమే. కానీ 11.66 నుంచి 9.4కి రావాలంటే వెండిలో అయిదోవంతు దాకా పోవాలి. అంత పోయిన నాణెం మీద రాజుగారి ముక్కు కూడా మిగలదు. నగిషీ కనిపిస్తూనే రెండు గ్రాములు ఎక్కడికి పోయాయి? ముఖం చెప్పే వయసూ తూకం చెప్పే వయసూ ఒకటి కాకపోతే అక్కడే ఆగాలి.

ఇప్పుడు వ్యాసం. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలో కొలవడం చాలామంది చేసే పని. అందులో ఒక మోసం ఉంది. నాణెం పైముఖం స్కేలు కంటే రెండు మిల్లీమీటర్లు కెమెరాకు దగ్గరగా ఉంటుంది. ఫోన్‌ని 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి తీస్తే ఆ దగ్గరితనం వల్లనే నాణెం రెండు పాళ్లు పెద్దదిగా కనిపిస్తుంది. పోతలో తగ్గిందీ రెండు పాళ్లే. రెండూ కొట్టేసుకుని నకిలీ సరైన కొలతతో బయటికొస్తుంది! అందుకని స్కేలు బదులు దాదాపు అంతే మందం ఉన్న ఇంకో నాణెం పక్కన పెట్టాలి. మళ్లీ మన పది రూపాయల నాణేమే పనికొస్తుంది. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫోన్‌ని అరమీటరు దూరంలో, నిటారుగా పైనుంచి పట్టుకుని, జూమ్ చేసి తీయాలి.

ఆ ఫొటోని కంప్యూటర్‌లో తెరిచి కొలిస్తే పది రూపాయలది 1,080 పిక్సెళ్లు, పంది రూపాయిది 1,193 పిక్సెళ్లు వచ్చాయనుకోండి. భాగిస్తే 1.105. మన ఇంట్లో ఉన్న 1918 రూపాయినీ ఇదే తీరులో తీసి కొలిస్తే 1.13 వచ్చింది. అంటే ఇది నూటికి 2.2 పాళ్లు చిన్నది. గాట్ల మీద ఎంత అరిగినా వ్యాసంలో అర మిల్లీమీటరుకు పైగా పోవడం మామూలు సంగతి కాదు.

ఇప్పుడు రెండు లెక్కలూ కలపాలి. అసలు రూపాయి పరిమాణం 11.66ని 10.34తో భాగిస్తే 1.128 ఘన సెంటీమీటర్లు. అన్ని వైపులా 2.2 పాళ్లు ముడుచుకుంటే 1.055 అవుతుంది. 9.4 గ్రాములను 1.055తో భాగిస్తే 8.9 వస్తుంది. ఇది వెండి సాంద్రత కాదు. రాగిదో, రాగి ఎక్కువగా కలిసిన తెల్ల లోహానిదో. రెండు ఫొటోలు, ఒక కాలిక్యులేటరు, అంతే. అంచు ఫొటోలో నడుమ అతుకు కూడా కనిపిస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

వెలుగు, కోణం, అంచు దగ్గర మసక వల్ల పిక్సెళ్ల కొలతలో ఒక పాలు దాకా తప్పు రావచ్చు. కాబట్టి అర పాలు తేడా చూసి ఎవరినీ దొంగ అనకూడదు. రెండు పాళ్లు దాటి, బరువూ తక్కువై ఉంటేనే అది సాక్ష్యం.

ఈ పరీక్షలు తప్పుదారి పట్టించే చోట్లు

మన ప్రాంతంలో పాత రూపాయిలు పెట్టెల్లోనే కాదు, ఒంటిమీదా ఉండేవి. కొక్కెం అతికించి దండల్లో గుచ్చుకునేవారు. లంబాడీ ఆడవాళ్ల నగల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి రూపాయి కొక్కెం తీసేశాక అంచు మీద రాజు తలపైన టంకం మచ్చ మిగులుతుంది. అక్కడ గాట్లు ఆకురాయితో పోయి ఉంటాయి. అది చూడటానికి పోత తోక మచ్చలాగే ఉంటుంది. బరువూ కొంచెం అటూ ఇటూ అవుతుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, కొక్కెం రూపాయికి మచ్చ ఉన్నచోట తప్ప మిగతా అంచంతా చక్కటి గాట్లే ఉంటాయి, నడుమ అతుకు ఉండదు. నాణెం అసలుదే, విలువ మాత్రం సగానికి పడిపోతుంది. అది వేరే బేరం.

నిజాం రూపాయిల దగ్గర బ్రిటిష్ కొలత పట్టుకెళ్తే అసలువాటినే తోసిపుచ్చుతాం. మహబూబ్ అలీఖాన్ కాలపు చార్మినార్ బొమ్మ రూపాయి ప్రమాణ బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. అర గ్రాము తక్కువుందని దాన్ని పోతగా అనుకుంటే నష్టం మనదే. అంతకుముందు హైదరాబాద్‌లో చేత్తో కొట్టిన హాలీ సిక్కా రూపాయిలకు గాట్ల అంచే లేదు, గుండ్రంగానూ ఉండవు. వాటి అంచు మీద సుత్తిదెబ్బకు పగిలిన చీలికలుంటాయి. అసలుదాంట్లో ఆ చీలిక పదునుగా లోపలికి పోతుంది, పోతలో అది పూడుకుని గుంటలా ఉంటుంది. ఇంకా వెనక్కి, రెండు వేల ఏళ్లనాటి నాణేల దగ్గరికి వెళ్తే పోత అన్నమాటే నేరం కాదు. ఆనాడు మన దేశంలో మూసలో పోసి చేసిన అసలు నాణేలు చాలా ఉన్నాయి. అక్కడ బెజ్జం చూసి తీర్పు చెప్పడం పనికిరాదు.

అసలు పోతే కాని మోసాలు ఇంకో రెండున్నాయి. వేరే ఏడాది రూపాయి మీద చివరి అంకెను చెక్కి 1911 చేస్తారు. దాని అంచు, ఒళ్లు, తూకం అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే అది నిజమైన వెండి రూపాయే. ఇక్కడ ఏనుగే సాక్షి. అంగీ మీది బొమ్మకు తొండం తీరుగా కిందికి వేలాడుతుంటే, తేదీ ఏమున్నా అది 1911ది కాదు. అందుకే ఏనుగు దగ్గరి ఫొటో ఒకటి విడిగా అడగాలి. రెండోది ఎక్కువ ప్రమాదకరమైంది. అసలు నాణెం నుంచి కొత్త ఉక్కు ముద్రలు తయారుచేసి, సరైన వెండి బిళ్ల మీద, గాట్ల కడియంలో పెట్టి కొట్టే నకిలీలు. వాటికి అతుకు ఉండదు, బెజ్జాలుండవు, బరువు సరిపోతుంది. వాటిని పట్టించేది ఒకటే: ముద్ర తీసిన తల్లి నాణెం మీది గీతలు, దెబ్బలు పిల్లలన్నిటి మీదా అదేచోట వస్తాయి. పోత నకిలీల్లోనూ ఇదే జరుగుతుంది. వేర్వేరు చోట్ల అమ్మకానికి వచ్చిన రెండు పంది రూపాయిల ఫొటోల్లో రాజుగారి బుగ్గ మీద ఒకే గాటు, ఒకే చోట, ఒకే పొడవున కనిపిస్తే వాటిలో కనీసం ఒకటి నకిలీ. చేతులు మారిన రెండు అసలు నాణేలు ఒకే దెబ్బ తినవు.

ఫొటో పరీక్ష నాణేన్ని తోసిపుచ్చడానికి పనికొస్తుంది కానీ అసలుదని ముద్ర వేయడానికి చాలదు. అన్నీ సరిపోయిన నాణేన్ని కూడా చేతిలోకి తీసుకుని, సన్నటి తీగతో నీటిలో వేలాడదీసి సాంద్రత కొలిచాకే డబ్బు ఇవ్వాలి. పెద్ద మొత్తమైతే నాణేలు పరీక్షించి ధ్రువీకరించే సంస్థకు పంపే షరతు మీద బేరం కుదుర్చుకోవాలి.

కాబట్టి ఈసారి పంది రూపాయి ఫొటోలు వస్తే అమ్మేవారికి ఇలా రాయండి: “అయ్యా, నాణేన్ని నిలబెట్టి పావు పావు తిప్పుతూ అంచు ఫొటోలు నాలుగు, పక్కన 1918 రూపాయి పెట్టి. పది రూపాయల నాణెంతో కలిపి పైనుంచి ఒకటి. తూనిక మీద రెండు నాణేలూ విడివిడిగా. పక్క వెలుగులో రెండు ముఖాలు, ఏనుగు దగ్గరి ఫొటో ఒకటి. అన్నీ డాక్యుమెంట్‌గా పంపండి.” నిజమైన నాణెం ఉన్నవారికి ఇది పది నిమిషాల పని. అంచు ఫొటో మాత్రం పంపకుండా ధర తగ్గిస్తున్నవారి దగ్గర ఆ తగ్గించిన ధరకు కూడా కొనకండి.